చప్పుడు లేకుండా ఆగే పనులు

రాత్రిపూట కంప్యూటర్ తనంతట తాను చేసే పనులు ఆగిపోతే తెర మీద ఏమీ కనిపించదు. బిల్లుల మెయిళ్లు ఆగితే కనీసం కస్టమర్ ఫోన్ చేస్తాడు. బ్యాకప్ ఆగితే, దాని అవసరం పడే దాకా అడిగేవారే ఉండరు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశారు. బ్యాకప్ కోసం వెతికితే అక్కడ ఏమీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, బ్యాకప్ తీసే ప్రోగ్రాం 9.2ది. పొంతన కుదరక ఆ పని విఫలమవుతూ వచ్చింది. విఫలమైనట్టు చెప్పే మెయిళ్లను కూడా, పంపినవారి ధ్రువీకరణ లేదని మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. అదృష్టవశాత్తు, ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం పోయింది.

అందుకే విఫలమైతే చెప్పమనడం చాలదు. పని పూర్తయ్యాకే బయటి నిఘా సేవకు సంకేతం వెళ్లాలి:

```
0 2 * * * /opt/backup.sh && curl -fsS "$PING_URL"
```

రెండింటికి మొదలయ్యే పని సంకేతం మూడింటికల్లా రాకపోతే, ఆ సేవే బాధ్యుడి ఫోన్ మోగించాలి. స్క్రిప్టు కూడా ఫైలు సైజు చూశాకే విజయమని చెప్పాలి. నెలకోసారి ఆ పనిని కావాలని ఆపి, ఫోన్ మోగుతోందో లేదో చూసుకోండి.