కప్పులో కెఫీన్, మాత్రలో కెఫీన్

2015 మార్చిలో ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు ఒక ప్రయోగానికి ముందుకొచ్చారు. కెఫీన్ తీసుకున్నాక వ్యాయామంలో ఏం తేడా వస్తుందో చూడటం దాని ఉద్దేశం. ఒక్కొక్కరికి ఇవ్వాల్సింది 0.3 గ్రాములు, అంటే 300 మిల్లీగ్రాములు. అంతకుముందు అక్కడ కెఫీన్ మాత్రలు వాడేవారు. ఈసారి పొడికి మారారు. ఎంత పొడి కలపాలో సెల్‌ఫోన్‌లో లెక్క వేస్తుంటే దశాంశ బిందువు తప్పు చోట పడింది. నీళ్లు, నారింజ రసంలో కలిపిన 30 గ్రాముల పొడి ఒక్కొక్కరి కడుపులోకి వెళ్లిపోయింది. వెంటనే తల తిరగడం, వాంతులు, వణుకు, గుండె దడ మొదలయ్యాయి. ఇద్దరినీ ఐసీయూలో చేర్చి, డయాలసిస్ చేసి బతికించారు. 2017 జనవరిలో కోర్టు ఆ విశ్వవిద్యాలయానికి 4 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

అదే 30 గ్రాములు కాఫీగా తాగాలంటే ఒక్కొక్కరికీ సుమారు 300 కప్పులు పట్టేవి. అన్ని కప్పులు ఎవరి వల్లా కాదు. పది దాటేలోపే కడుపు తిప్పుతుంది, చేతులు వణుకుతాయి, ఇక చాలని శరీరమే చెబుతుంది. అందుకే టీ, కాఫీ తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు చాలా అరుదు. మాత్రలో, పొడిలో ఆ హెచ్చరికకు వ్యవధి ఉండదు. మింగడం అర నిమిషంలో అయిపోతుంది, ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసేది ఆ తర్వాతే. కెఫీన్ ఎంత తీసుకున్నామన్నది ఎంత ముఖ్యమో, ఎంత సేపట్లో తీసుకున్నామన్నదీ అంతే ముఖ్యం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు మించవద్దని ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 దాకా, ఒక్కసారికి 200 దాకా ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. ఈ రెండో సంఖ్యను చాలామంది పట్టించుకోరు. రోజంతా విడివిడిగా 400 తీసుకున్న మనిషికి ఏమీ కాకపోవచ్చు. అదంతా ఒక గంటలో తీసుకుంటే మాత్రం చాలామందికి గుండె దడదడలాడుతుంది.

ఇక ఏ కప్పులో ఎంతుంటుంది? అదే సంస్థ లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల కప్పు తీసుకుంటే డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు. హోటల్లో ఇచ్చే చిన్న టీ కప్పు దాదాపు ఇందులో సగమే కాబట్టి కెఫీనూ ఆ మేరకు తక్కువే. మన ఫిల్టర్ కాఫీ విషయంలో ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. చికోరీలో కెఫీన్ ఉండదు. పొడిలో చికోరీ పాలు పెరిగే కొద్దీ డికాక్షన్ నల్లగా, చిక్కగా కనబడుతుంది కానీ కెఫీన్ తగ్గుతుంది. రంగు చూసి లెక్క వేస్తే తప్పుతాం. పాలు పోసినా కెఫీన్ ఎక్కడికీ పోదు, పలచబడుతుందంతే. మొదటి డికాక్షన్‌లోనే చాలామటుకు దిగిపోతుంది గనక రెండోసారి నీళ్లు పోసి తీసిన దానిలో మిగిలేది కొంచెమే.

300 మిల్లీలీటర్ల పైచిలుకు కోలా డబ్బాలో కెఫీన్ సుమారు 30 నుంచి 40 మిల్లీగ్రాములు, అంటే ఒక టీ పాటి. కోలాలో అసలు బెడద చక్కెర. ఎనర్జీ డ్రింక్ సంగతి వేరు. మన దేశంలో దానిలో లీటరుకు 300 మిల్లీగ్రాములు మించకూడదని నిబంధన. ఆ లెక్కన 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75 దాకా ఉండొచ్చు. రోజుకు అర లీటరు మించి తాగవద్దనీ, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదనీ డబ్బా మీదే రాయాలి. రాస్తున్నారు కూడా, చదవడానికి భూతద్దం కావాల్సినంత చిన్న అక్షరాల్లో. పిల్లలకు బరువును బట్టి కిలోకు 3 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టుకుంటారు. పాతిక కిలోల పిల్లవాడికి ఒక్క డబ్బాతోనే ఆ రోజు కోటా పూర్తయిపోతుంది. బడి పక్క కొట్లలో ఇవి చల్లటి పానీయాల వరుసలోనే దొరుకుతుంటే నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు ఒక రోజు లెక్క వేసి చూద్దాం. గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న అబ్బాయి అనుకోండి. ఉదయం 7కి ఫిల్టర్ కాఫీ, 100. పదకొండుకు టీ, 40. సాయంత్రం 4కి ఇంకో టీ, 40. రాత్రి 9కి నిద్ర రాకుండా ఎనర్జీ డ్రింక్, 75. పదకొండుకు ఇన్‌స్టంట్ కాఫీ, 60. అప్పటికే తల పగిలిపోతోందని ఆ కాఫీతోనే రెండు తలనొప్పి మాత్రలు. మందుల షాపులో చీటీ లేకుండా అమ్మే తలనొప్పి మాత్రలు కొన్నింటిలో ఒక్కోదానిలో 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అవి రెండు, 100. మొత్తం 415. తాగినవి రెండు కాఫీలు, రెండు టీలేనని అతను అనుకుంటాడు. రాత్రి 9 నుంచి 11 మధ్య రెండు గంటల్లో 235 లోపలికి వెళ్లిందని అతనికి తెలియదు.

తీసుకున్న కెఫీన్‌లో సగం ఖర్చవడానికి సగటున 5 గంటలు పడుతుంది. ఆ లెక్కన తెల్లవారుజామున 3 గంటలకు పొద్దుటి కాఫీలో మిగిలింది దాదాపు శూన్యం. రాత్రి తీసుకున్నదానిలో మాత్రం సగానికి పైగా అలాగే ఉంది. అన్నీ కలిపితే ఆ వేళకు అతని ఒంట్లో 145 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంటే ఒకటిన్నర ఫిల్టర్ కాఫీ. కళ్లు మండుతుంటాయి, నిద్ర మాత్రం పట్టదు. మర్నాడు ఆ నిద్రలేమిని తరమడానికి ఇంకో కాఫీ.

ఆ తలనొప్పి కూడా కొంతవరకు కెఫీన్ పుణ్యమే. రోజూ అలవాటైన వాళ్లకు 12 నుంచి 24 గంటలు అందకపోతే తలనొప్పి, చిరాకు, నీరసం మొదలవుతాయి. కెఫీన్ ఉన్న మాత్ర వేసుకోగానే తగ్గుతుంది. మాత్ర బాగా పనిచేసిందనుకుని తలనొప్పి వచ్చినప్పుడల్లా అదే వేసుకుంటారు. కొన్ని నెలలకు ఆ మాత్రలే తలనొప్పికి కారణమవుతాయి. షీట్ వెనక మందుల పేర్ల దగ్గర కెఫీన్ అని ఉందేమో చూడటం ఒక్క నిమిషం పని. కొన్ని జలుబు మాత్రల్లోనూ ఉంటుంది. ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారి మానేయకుండా నాలుగైదు రోజులకొక కప్పు చొప్పున తగ్గించుకుంటూ పోతే ఈ తలనొప్పి పెద్దగా బాధించదు.

5 గంటలన్నది సగటు మాత్రమే. కెఫీన్‌ను విరగ్గొట్టేది కాలేయంలోని ఒక ఎంజైమ్. సిగరెట్ తాగేవాళ్లలో అది వేగంగా పనిచేస్తుంది. అందుకే సిగరెట్ మానేసి కాఫీ అంతే తాగేవాళ్లకు ఉన్నట్టుండి దడ, ఆందోళన ఎక్కువవుతాయి. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో ఆ సగం సమయం దాదాపు రెట్టింపవుతుంది. గర్భిణులకు నెలలు నిండే కొద్దీ 15 గంటల దాకా పోతుంది. తల్లి తాగిన కెఫీన్ బిడ్డకూ చేరుతుంది. అందుకని వారికి రోజంతా కలిపి 200 మించకూడదు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఆ కోర్సు నడిచినన్నాళ్లు రోజూ తాగే కాఫీయే ఎక్కువైనట్టు అనిపించవచ్చు.

మోతాదు మించుతోందని తెలిపే మొదటి గుర్తులు మనందరికీ పరిచయమైనవే. చేతివేళ్ల వణుకు, దడ, ఒక చోట కుదురుగా కూర్చోలేకపోవడం, మాటిమాటికీ మూత్రం, కడుపులో మంట, వికారం. అక్కడితో ఆపి, నీళ్లు తాగుతూ ఉంటే చాలామందికి కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. కొద్ది వ్యవధిలో 1,200 మిల్లీగ్రాముల దాకా వెళితే ఫిట్స్ రావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిస్తోంది. 200 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటే అంత అవుతుంది. 10 గ్రాముల దగ్గర ప్రాణాపాయం.

స్వచ్ఛమైన కెఫీన్ పొడి ఒక టీస్పూన్ సుమారు 28 కప్పుల కాఫీతో సమానమని అదే సంస్థ లెక్క. వ్యాయామానికి ముందు వేసుకునే పొడిగా కొనేవాళ్లు వంటింటి చెంచాతోనో, చిన్న త్రాసుతోనో కొలుస్తుంటారు. 2021లో ఉత్తర వేల్స్‌లో ఒక వ్యాయామ శిక్షకుడు అలాగే చనిపోయాడు. కావాల్సింది మిల్లీగ్రాముల్లో, అతని త్రాసు కొలవడం మొదలుపెట్టేదే 2 గ్రాముల దగ్గర. ఇలాంటి పొడిని ఇంట్లో కొలుచుకోవడానికి సురక్షితమైన పద్ధతి లేదు. కొనకపోవడమే మేలు.

తీవ్రమైన విషప్రభావంలో ముందుగా కనబడేది ఆగని వాంతులు. ఒకటి రెండుసార్లు అయి తగ్గేవి కావు, కడుపులో ఏమీ లేకపోయినా వస్తూనే ఉంటాయి. నాడి నిమిషానికి 120 దాటుతుంది, లేదా లయ తప్పి కొట్టుకుంటుంది. మనిషి అదుపు తప్పి అరవడం, తికమకగా మాట్లాడటం, కండరాలు ఎగరడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. లోపల ఇంకొకటి జరుగుతుంటుంది. కెఫీన్ వల్ల ఎగసిన అడ్రినలిన్ రక్తంలోని పొటాషియాన్ని కణాల్లోకి నెట్టేస్తుంది. రక్తంలో పొటాషియం పడిపోతే గుండె లయ మరింత చెదురుతుంది. ప్రాణం తీసేది చాలాసార్లు ఈ లయ తప్పడమే. పైగా మోతాదు చాలా ఎక్కువైతే కాలేయం ఎంజైమ్ సామర్థ్యం సరిపోదు. సగం ఖర్చవడానికి 5 గంటలన్న లెక్క అక్కడ చెల్లదు, విషం చాలా సేపు అలాగే నిలబడుతుంది.

కెఫీన్‌కు విరుగుడు మందు లేదు. గంటలోపు ఆసుపత్రికి చేరితే కడుపులో ఉన్నది రక్తంలోకి చేరకుండా బొగ్గు పొడి ద్రావణం తాగించే అవకాశం ఉంటుంది. తర్వాత ఫిట్స్‌కు, గుండె వేగానికి మందులిస్తారు, ఈసీజీ చూస్తూ పొటాషియం సరిచేస్తారు. నార్తంబ్రియా విద్యార్థుల్లా మోతాదు మరీ ఎక్కువైనవారికి డయాలసిస్ చేస్తారు. కెఫీన్ దానికి బాగానే లొంగుతుంది.

అందుకే పైన చెప్పిన లక్షణాలు కనబడితే, లేదా మాత్రలు గుప్పెడు మింగారని తెలిస్తే, ఇంకా బాగానే ఉన్నాడు కదా అని ఆగకండి. కెఫీన్ రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు, ఆ సమయంలో ఫిట్స్ వస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి. మాత్రల షీట్, పొడి డబ్బా, ఖాళీ క్యాన్లు ఏవుంటే అవి వెంట తీసుకెళ్లండి. ఏది, ఎన్ని, ఎన్ని గంటలకు తీసుకున్నాడు, రోజూ ఏ మందులు వాడతాడు అన్నవి డాక్టరు మొట్టమొదట అడిగే ప్రశ్నలు. మామూలు ఆసుపత్రుల్లో కెఫీన్ స్థాయి కొలిచే రక్తపరీక్ష సాధారణంగా ఉండదు. కాబట్టి మీరు చెప్పే లెక్క మీదే వైద్యం మొదలవుతుంది.