రెండూ నిజమే, మరి కారణం అదేనా?

ప్రతిపాదన–కారణం తరహా ప్రశ్నలో రెండు వాక్యాలుంటాయి. మొదటిది ఒక విషయం చెబుతుంది, అది ప్రతిపాదన. రెండోది దానికి కారణంగా చూపినది. కింద నాలుగు జవాబులుంటాయి: రెండూ నిజం, పైగా కారణం ప్రతిపాదనను సరిగ్గా వివరిస్తుంది (ఎ), రెండూ నిజమే గానీ కారణం ప్రతిపాదనను వివరించదు (బి), ప్రతిపాదన నిజం, కారణం తప్పు (సి), ప్రతిపాదన తప్పు, కారణం నిజం (డి). కొన్ని పరీక్షల్లో చివరి జవాబు ‘రెండూ తప్పు’ అని ఉంటుంది కాబట్టి సూచన చదవకుండా అలవాటు కొద్దీ గుర్తు పెడితే మార్కు పోతుంది. సీబీఎస్‌ఈ 10వ తరగతి సైన్స్ పేపర్లో ఈ ప్రశ్నలు కొన్నేళ్లుగా వస్తున్నాయి.

సి, డి జవాబులకు పాఠం గుర్తుంటే చాలు. అసలు పరీక్ష ఎ, బిల మధ్యనే. రెండు వాక్యాలూ నిజమని తేలాక, ఒకటి రెండోదానికి కారణమా, లేక పక్కపక్కన కూర్చోబెట్టిన రెండు నిజాలేనా అన్నది తేల్చాలి. ‘మానవుని కన్ను – రంగుల ప్రపంచం’ పాఠం ఇందుకు బాగా పనికొస్తుంది. ఆకాశంలో కనిపించే వింతలన్నీ అందులో వక్రీభవనం, పరిక్షేపణం అనే రెండు కారణాల చుట్టూ తిరుగుతాయి. ఒకదాని కారణాన్ని ఇంకోదానికి తగిలించడం ప్రశ్న తయారుచేసేవాళ్లకు చాలా తేలిక.

ఒక ప్రశ్న చూడండి. ప్రతిపాదన: సూర్యుడు నిజంగా ఉదయించడానికి సుమారు 2 నిమిషాల ముందే మనకు కనిపిస్తాడు. కారణం: గాలి అణువులు ఎరుపు కాంతి కంటే నీలి కాంతిని ఎక్కువగా వెదజల్లుతాయి. రెండూ నిజమే. కానీ ముందే కనిపించడానికి, వెదజల్లడానికి సంబంధం లేదు. పైనున్న పలచని గాలి నుంచి కిందున్న చిక్కని గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగుతుంది, అందుకే క్షితిజం కింద ఉన్న సూర్యుడు పైన ఉన్నట్టు కనిపిస్తాడు. జవాబు బి. ఇలాంటిది పెద్దగా మోసం చేయదు, రెండు వాక్యాలూ వేర్వేరు సంగతులని చదవగానే తెలిసిపోతుంది.

మోసం చేసేది ఇది. ప్రతిపాదన: గ్రహాలు మిణుకుమిణుకుమనవు. కారణం: గ్రహాలకు స్వయంప్రకాశం లేదు. ఈసారి కూడా రెండూ నిజమే. పైగా మధ్యలో ‘ఎందుకంటే’ పెట్టి చదివితే చెవికి చక్కగానే వినిపిస్తుంది. నక్షత్రాలకు సొంత వెలుగుంది, మిణుకుమంటాయి; గ్రహాలకు లేదు, మిణుకుమనవు. క్లాసులో చాలామంది ఎ అని రాసేది ఇక్కడే. ‘ఎందుకంటే’ పెట్టి చూడమని గైడ్లలో చెప్పే చిట్కా ఇక్కడ నిలబడదు.

నిలబడే పద్ధతి వేరే ఉంది. కారణంలో చెప్పిన గుణాన్ని మార్చి, ఫలితం మారుతుందేమో చూడాలి. స్వయంప్రకాశమే మిణుకుకు కారణమైతే, స్వయంప్రకాశం ఉన్న ప్రతిదీ మిణుకుమనాలి. సూర్యుడు నక్షత్రమే, వెలుగు సొంతమే, అయినా మిణుకుమనడు. అంటే కారణం వెలుగు ఎవరిదన్నది కాదు, వస్తువు మన కంటికి ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నది. దూరాన ఉన్న నక్షత్రం మనకు ఒక బిందువు. కదిలే గాలి పొరల్లో దాని కిరణం అటూ ఇటూ వంగుతుంటే కంటికి చేరే వెలుగు క్షణక్షణం పెరిగి తగ్గుతుంది. గ్రహం చిన్న బిళ్ల లాంటిది, ఎన్నో బిందువుల సమూహం. ఒక బిందువు వెలుగు తగ్గిన క్షణంలో ఇంకోదానిది పెరుగుతుంది, మొత్తం మీద తేడా తెలియదు. సూర్యుణ్ని పక్కన పెడితే, ఏ నక్షత్రమూ బృహస్పతి కనిపించే వెడల్పులో 500వ వంతు కూడా ఉండదు. కాబట్టి జవాబు బి.

కారణాన్ని ఇలా తీసేసి చూడటం పరీక్ష కోసం కనిపెట్టిన కిటుకు కాదు, శాస్త్రవేత్తలు చేసే పనే. సముద్రం నీలంగా ఉంటుంది, ఆకాశం నీలంగా ఉంటుంది, రెండూ నిజం. సముద్రం నీలం ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రాలే అంతటివాడు అన్నాడు. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగి వస్తూ, నికోల్ పట్టకం అడ్డుపెట్టి నీటి పైభాగం నుంచి పరావర్తనమయ్యే కాంతిని ఆపి చూశాడు. ప్రతిబింబం పోయింది, నీలం పోలేదు. పరీక్ష భాషలో చెప్పాలంటే, రాలే ఎ అన్నచోట రామన్ బి అని తేల్చాడు. నీటి అణువులే కాంతిని వెదజల్లుతున్నాయని రామన్ వివరించాడు. నీరు ఎరుపు కాంతిని పీల్చుకోవడం కూడా ఆ నీలానికి ముఖ్య కారణమని ఇప్పుడు తెలుసు.

ఇక చిక్కు ప్రశ్నలు. ప్రతిపాదన: సూర్యాస్తమయ సమయంలో సూర్యుడు ఎర్రగా కనిపిస్తాడు. కారణం: ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యం నీలి కాంతి కంటే ఎక్కువ. ఇది ఎ నా, బి నా? ఉపాధ్యాయుల మధ్యే వాదన రావచ్చు. నిజానికి ప్రతిపాదనలో రెండు ప్రశ్నలు దాగున్నాయి: ఎరుపే ఎందుకు, సాయంత్రమే ఎందుకు? తరంగదైర్ఘ్యం మొదటిదానికి జవాబు చెబుతుంది. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ పరిక్షేపణం వేగంగా పెరుగుతుంది. 400 నానోమీటర్ల ఊదా కాంతి 700 నానోమీటర్ల ఎరుపు కంటే దాదాపు 9 రెట్లు ఎక్కువగా చెదురుతుంది. కానీ ఎరుపు తరంగదైర్ఘ్యం మధ్యాహ్నం కూడా అంతే, అప్పుడు సూర్యుడు ఎర్రగా లేడు. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మారేది దారి. సూర్యుడు క్షితిజం దగ్గరున్నప్పుడు, నడినెత్తిన ఉన్నప్పటి కంటే 30 రెట్లకు పైగా గాలిని దాటి కాంతి రావాలి. ఆ దారిలో నీలం చాలావరకు చెదిరిపోతుంది. అందుకే ఈ కారణాన్ని సగం వివరణగానే ఎంచాలి, బి వైపు మొగ్గడమే న్యాయం. అయితే ఇలాంటి ప్రశ్న ఇవ్వడం తయారుచేసినవాళ్ల లోపమే. కారణంలో ‘సాయంత్రం కాంతి ఎక్కువ గాలిని దాటి రావడం వల్ల నీలం చెదిరిపోతుంది’ అని రాస్తే జవాబు ఎ అని ఎవరూ తగువుపడరు.

మిగిలిన రెండు జవాబులకు ఉదాహరణలు తేలికే. ప్రమాద సూచికలకు ఎరుపు దీపం వాడతారు, ఎందుకంటే ఎరుపు అన్నిటికంటే ఎక్కువగా చెదురుతుంది అంటే, ప్రతిపాదన నిజం, కారణం తలకిందులు: జవాబు సి. అంతరిక్షంలోని వ్యోమగామికి ఆకాశం నీలంగా కనిపిస్తుంది, అక్కడ కాంతిని వెదజల్లే గాలి లేదు అంటే, ప్రతిపాదన తప్పు, కారణం నిజం: జవాబు డి. ఒక వాక్యం తప్పని తేలాక ఇక వివరణ సంగతి ఆలోచించనక్కర్లేదు.

ఈ తరహా ప్రశ్నకు ఒక పరిమితి ఉంది. రెండు వాక్యాలూ నిజమని తెలిసిన విద్యార్థికి, ఎందుకో తెలియకపోయినా, కళ్లు మూసుకుని పెట్టినా సగం అవకాశం దక్కుతుంది. దిద్దేవారికి ఆ తేడా కనబడదు. బి ఎంచుకున్నవాళ్లను అసలు కారణం ఒక వాక్యంలో రాయమంటే బయటపడుతుంది. గ్రహాల ప్రశ్నకు బి పెట్టి, ‘గ్రహాలు దగ్గరగా ఉంటాయి’ అని మాత్రం రాసినవాడు సగం దూరం వచ్చినట్టు. దగ్గరగా ఉండటం వల్ల బిందువులా కాక బిళ్లలా కనిపిస్తాయని రాసినవాడికి విషయం అర్థమైనట్టు.