ఎనిమిదింటికల్లా డబ్బా కావాలంటే హిందీలో ఎలా చెప్పాలి?

నోయిడాలో కాపురముంటున్న ఓ తెలుగు ఇల్లు అనుకుందాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. పిల్లాడు స్కూలుకెళ్తాడు. వంటావిడ రోజూ పొద్దున ఆరున్నరకు వస్తుంది. ముందు రోజు రాత్రి ఇంటావిడ ఆమెతో ఇలా అంది: "దీదీ, కల్ జల్దీ టిఫిన్ కరో. లంచ్ కే లియే కర్రీ, రైస్." ఆమె మనసులో ఉన్నది వేరే. రేపు పెందలాడే రావాలి, తినడానికి ఉప్మా చెయ్యాలి, డబ్బాల్లోకి బెండకాయ కూర, అన్నం కావాలి.

మర్నాడు వంటావిడ ఎప్పటిలాగే ఆరున్నరకే వచ్చింది. చకచకా పనిచేసి రెండు డబ్బాలు కట్టిపెట్టింది. వాటిలో అన్నం, దాంతో పాటు శనగపిండి, పెరుగు కలిపి కాచిన కఢీ ఉన్నాయి. ఉప్మా మాత్రం లేదు.

ఇందులో వంటావిడ తప్పేమీ లేదు. ఆమె తాను విన్నట్టే చేసింది. మనం 'టిఫిన్' అంటే ఇడ్లీ, దోసె, ఉప్మా. హిందీలో టిఫిన్ అంటే అన్నం పట్టుకెళ్లే డబ్బా. పొద్దున తినేదాన్ని 'నాశ్తా' అనాలి. 'కర్రీ' అనగానే ఆ చెవికి దగ్గరగా వినిపించేది 'కఢీ'. కూరకు మాట 'సబ్జీ'. వేపుడులా పొడిగా కావాలంటే 'సూఖీ సబ్జీ', పులుసుతో కావాలంటే 'రసేవాలీ' లేదా 'గ్రేవీవాలీ'. ఇక 'జల్దీ'కి పెందలాడే అనీ, గబగబా అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. ఆమె రెండోది తీసుకుంది. ఎన్ని గంటలకు రావాలో చెప్పి ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

మర్యాద క్రియ చివర ఉంటుంది

తెలుగులో 'చెయ్యి', 'చెయ్యండి' ఉన్నట్టే హిందీలోనూ మెట్లున్నాయి. 'బనా' అనేది 'తూ' మెట్టు. ఇంట్లో పనిచేసేవారితో ఆ మాట వాడకపోవడమే మంచిది. 'బనావో' చనువున్న మెట్టు, 'బనాయియే' మర్యాద మెట్టు. ఢిల్లీ వైపు 'ఆప్ బనా దో' అని రెండూ కలిపి మాట్లాడటం మామూలే, దాన్ని ఎవరూ అమర్యాదగా తీసుకోరు.

అయితే రోజువారీ వంట పురమాయింపులకు ఎక్కువ పనికొచ్చేవి ఇవి కావు. 'బనావో', 'బనాయియే' అన్నవి ఇప్పుడే, ఇక్కడే చెయ్యమన్నట్టు వినిపిస్తాయి. మనం చెప్పేవన్నీ తర్వాత జరగాల్సినవి. మనం ఆఫీసుకెళ్లాక, సాయంత్రం, లేదా రేపు. అలాంటి పనికి హిందీవాళ్లు 'బనా దేనా' అంటారు. మన 'చేసిపెట్టు'కు ఇది సరిగ్గా సరిపోతుంది. దీనికి ఇంకో మెట్టు మర్యాద చేరిస్తే 'బనా దీజియేగా'. అదే అచ్చులో 'కాట్ దీజియేగా' అంటే తరిగిపెట్టండి, 'భిగో దీజియేగా' అంటే నానబెట్టండి, 'పైక్ కర్ దీజియేగా' అంటే డబ్బాలో సర్దిపెట్టండి. ఆడవారికైనా మగవారికైనా ఈ రూపం మారదు కాబట్టి హిందీ లింగభేదాలతో తడబడే మనకు ఇది సుఖం.

'దీజియేగా' ఉన్నాక వేరే మర్యాద మాట అక్కర్లేదు. బడిలో నేర్చుకున్న 'కృపయా'ను వంటింట్లో వాడితే రైల్వే స్టేషన్ ప్రకటనలా ఉంటుంది. కాస్త మెత్తగా చెప్పాలనిపిస్తే 'జరా' చాలు: "జరా నమక్ కమ్ రఖియేగా." పిలుపు ఎక్కువ ఇళ్లలో 'దీదీ', పెద్దావిడైతే 'ఆంటీ', మగవారైతే 'భైయా'. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు ఒకటి గమనించాలి. మన 'నక్కో' ఢిల్లీ వంటింట్లో అర్థం కాదు. అక్కడ "ప్యాజ్ నహీ డాల్నా" అనాలి.

గడియారం, గిన్నె: లెక్క ఒక్కటే

తెలుగులో 'ఎనిమిదింటికి' అంటే సరిగ్గా ఎనిమిదికా, అంతకు ముందేనా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకుంటాం. హిందీలో 'ఆఠ్ బజే' అంటే ఎనిమిదింటికి. ఎనిమిదింటికల్లా అయిపోవాలంటే 'ఆఠ్ బజే తక్' అనాలి. డబ్బా, స్కూలు బస్సు లాంటి గడువున్న పనులన్నిటికీ ఈ 'తక్' ఉండి తీరాలి.

అరగంటలు, పావుగంటల దగ్గర మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. ఏడున్నర 'సాఢే సాత్'. ఈ 'సాఢే' మూడున్నర నుంచే మొదలవుతుంది. ఒకటిన్నరకు 'డేఢ్', రెండున్నరకు 'ఢాయీ' అని విడి మాటలున్నాయి. 'సవా ఆఠ్' ఎనిమిదింపావు. 'పౌనే ఆఠ్' అన్నప్పుడు మాత్రం జాగ్రత్త. 'ఆఠ్' చెవిన పడగానే ఎనిమిది దాటిందనుకుంటాం, కానీ అది ఎనిమిదికి పావు తక్కువ, అంటే 7:45. అనుమానముంటే 'సాత్ పైంతాలీస్' అన్నా అందరికీ తెలుస్తుంది.

కొలతలకూ ఇవే మాటలు. 'డేఢ్ కటోరీ చావల్' అంటే గిన్నెన్నర బియ్యం. 'ఢాయీ సౌ గ్రామ్' రెండువందల యాభై గ్రాములు, 'డేఢ్ సౌ' నూటయాభై. మరో సంగతి, 'చావల్' అంటే బియ్యం, అన్నం రెండూనూ. కాబట్టి 'దో కటోరీ చావల్' అని ఊరుకుంటే రెండు గిన్నెల బియ్యం పొయ్యి మీదికి ఎక్కవచ్చు. "కచ్చా చావల్ డేఢ్ కటోరీ" అంటే పేచీ లేదు. ఏ గిన్నెతో కొలవాలో ఒకసారి చూపించి, దాన్ని బియ్యం డబ్బాలోనే ఉంచెయ్యండి.

'కల్' నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. వాక్యంలో క్రియ ఉంటే అర్థం దానంతటదే తేలుతుంది. మనం క్రియ మింగేసి "కల్ ఛుట్టీ" అని ఊరుకుంటాం కాబట్టి చిక్కు. వారం పేరు చేర్చండి: "కల్, బుధవార్ కో."

పప్పు, కూరల పేర్లు

'దాల్' అంటే పలచగా పోసుకునేదే వాళ్లకు ముందు గుర్తొస్తుంది. మన ముద్దపప్పు కావాలంటే "అరహర్ కీ దాల్, గాఢీ" అనాలి. అరహర్ అంటే కందిపప్పు. తాలింపును 'తడ్కా' లేదా 'ఛౌంక్' అంటారు. అందులోకి ఆవాలు కావాలంటే 'రాయీ', కరివేపాకుకు 'కఢీ పత్తా'. సొరకాయ 'లౌకీ' లేదా 'ఘియా', దొండకాయ 'కుందరూ', మునక్కాయ 'సహజన్', చామదుంప 'అర్బీ'. ఢిల్లీ కూరల బండి దగ్గర 'సీతాఫల్' అంటే గుమ్మడికాయ ఇస్తారు. పండు కోసం అడిగితే 'శరీఫా' అనాలి. పేరు తట్టనప్పుడు ఫ్రిజ్ తెరిచి చూపించడంలో చిన్నతనమేమీ లేదు.

అదే ఇల్లు, మరో రాత్రి

ఇప్పుడు అదే పురమాయింపును మళ్లీ చెబుదాం. పెందలాడే రమ్మనడం రోజూ ఉండే పని కాదు కాబట్టి అది ఆజ్ఞలా కాకుండా ప్రశ్నలా ఉండాలి: "దీదీ, కల్ బుధవార్ కో ఛహ్ బజే ఆ పాయేంగీ?" రాగలరా అని నిజంగానే అడుగుతున్నాం కనుక కాదనే వీలూ ఆమెకుంది. "ఛహ్ తో నహీ హో పాయేగా, సవా ఛహ్ తక్ ఆ జావూంగీ" అందామె. ఆరుంబావు. సరే, మిగతా లెక్క అక్కణ్నుంచి.

"నాశ్తే మే ఉప్మా, సాత్ బజే తక్. టిఫిన్ మే భిండీ కీ సూఖీ సబ్జీ ఔర్ ఛహ్ రోటీ. దోనో డిబ్బే సాఢే సాత్ తక్ పైక్ కర్ దీజియేగా. భిండీ మై రాత్ కో ధోకర్ సుఖా దూంగీ."

ఇందులో ముందు ఏ పూటకో, తర్వాత ఏ వంటో, ఆ తర్వాత ఎప్పటికల్లానో వచ్చాయి. 'రోటీ' అని ఊరుకోకుండా ఆరు అని చెప్పడం వల్ల ఎంత పిండి తడపాలో ఆమెకు తెలుస్తుంది. అన్నం తీసేసి రొట్టెలు పెట్టడం ఇంటావిడ ఇష్టం, చెప్పే తీరు దేనికైనా అదే. చివరి వాక్యం ముఖ్యమైనది. తడి బెండకాయ తరిగితే జిగురు సాగుతుంది, ఆరేదాకా ఆగితే పావుగంట పోతుంది. రాత్రే కడిగి ఆరబెడతానని చెప్పడంతో ఆమెకు పొద్దున ఆ పావుగంట మిగిలింది.

విన్నది సరిగ్గా విన్నారో లేదో తెలుసుకోవాలి. కానీ "క్యా సమఝీ?" అని అడిగితే బడిపంతులు నిలదీసినట్టుంటుంది. "మైనే జల్దీ జల్దీ బోల్ దియా, ఏక్ బార్ దోహరా లే?" అంటే తొందర మనదే అవుతుంది, ఆమె తిరిగి చెబుతుంది. ఆ చెప్పడంలోనే 'కఢీ' లాంటి పొరపాటు బయటపడుతుంది. ఆమెకు చదవడం రాకపోతే చీటీ అంటించి లాభం లేదు. ఇదే మాటను ఫోన్లో వాయిస్ మెసేజ్‌గా పంపితే ఆమె ఎన్నిసార్లయినా వినుకోవచ్చు. నోయిడా లాంటి చోట వంటావిడ సొంతభాష బెంగాలీయో, మైథిలీయో, నేపాలీయో కావచ్చు. మీలాగే ఆమెకూ హిందీ రెండో భాషే అయితే, చిన్న వాక్యాలు ఇద్దరికీ మేలు.

తిన్నాక బాగోలేదని చెప్పాల్సి వచ్చినా క్రియే ఆదుకుంటుంది. "ఆప్‌నే నమక్ జ్యాదా డాల్ దియా" అంటే మీరే ఎక్కువ వేశారని. "ఆజ్ నమక్ జ్యాదా హో గయా థా, కల్ ఆధా చమ్మచ్ కమ్ డాలియేగా" అంటే ఉప్పు ఎక్కువైందని, రేపటికి ఎంత తగ్గించాలో కూడా చెప్పినట్టు. 'కమ్' అని ఒక్క మాటతో సరిపెడితే మర్నాడు చప్పిడి కూర తినాల్సి రావచ్చు.

వాక్యం ఎంత సరిగ్గా ఉన్నా అది సమయాన్ని పెంచదు. ఆరుంబావు నుంచి ఏడున్నర దాకా ఉన్నది గంటంబావు, చాలా ఇళ్లలో పొయ్యికి రెండే బర్నర్లు. ఆ తర్వాత ఆమె ఇంకో ఇంటికి వెళ్లాలి. అందుకే జాబితా చెప్పాక "ఇత్నే టైమ్ మే హో జాయేగా?" అని అడగాలి. ఆలస్యమైతే ఏది ముందో కూడా అప్పుడే చెప్పెయ్యాలి: "అగర్ దేర్ హో జాయే తో పహలే టిఫిన్. నాశ్తా రహ్ జాయే తో కోయీ బాత్ నహీ, బ్రెడ్ ఖా లేంగే." బస్సు ఎక్కాల్సింది డబ్బా కాబట్టి, ఆ రోజు ఉప్మా లేకపోయినా ఎవరి పనీ ఆగదు.