రిఫర్ చేసేవారికి పని మిగల్చకండి

"ఫ్రెండ్స్, జాబ్ కోసం చూస్తున్నాను. ఏదైనా ఓపెనింగ్ ఉంటే రిఫర్ చేయండి ప్లీజ్." లింక్డ్‌ఇన్ తెరిస్తే ఇలాంటి పోస్టు ఒకటైనా కనిపిస్తుంది. కింద నలుగురు "ఆల్ ది బెస్ట్" అని రాసి వెళ్లిపోతారు. సాయం చేయాలని లేక కాదు, ఏం చేయాలో తెలియక.

రిఫరల్ అంటే నోటిమాట సిఫార్సు కాదు. చాలా కంపెనీల్లో ఉద్యోగి సొంత పోర్టల్‌లోకి వెళ్లి, ఏ ఖాళీకో జాబ్ ఐడీ ఎంచుకుని, మీ పేరు, ఈమెయిల్, రెజ్యూమె ఎక్కించాలి. ఈ పనికి మీరెలా సరిపోతారో రెండు ముక్కలు రాయాల్సి రావచ్చు. "ఏదైనా" అన్న మాటతో ఆ ఫారం నిండదు.

అదే పోస్టును ఒక టెస్టింగ్ ఇంజనీరు ఇలా రాశారనుకుందాం:

"మూడున్నరేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను. హైదరాబాద్ లేదా బెంగళూరులో ఆటోమేషన్ టెస్టర్ ఉద్యోగం కావాలి. ఎస్‌డెట్, క్యూఏ ఇంజనీర్ పేర్లతో ఉన్న ఖాళీలైనా సరే. జావా, సెలీనియం రోజూ వాడతాను. ఒక బ్యాంకింగ్ యాప్‌కి రెండు రోజులు పట్టే రిగ్రెషన్ టెస్టింగ్‌ను మూడు గంటలకు తెచ్చాను. నోటీస్ పీరియడ్ 60 రోజులు."

పొడవైన పోస్టులో మొదటి రెండు మూడు లైన్లే పైకి కనిపిస్తాయి, మిగతాది మడతలో ఉండిపోతుంది. అందుకే అనుభవం, ఊరు, ఉద్యోగం పేరు మొదట్లోనే వచ్చాయి. ఒకే పనికి ఒక్కో కంపెనీలో ఒక్కో పేరుంటుంది కాబట్టి మరో రెండు పేర్లు తోడయ్యాయి. "రెండు రోజుల నుంచి మూడు గంటలకు" అన్న వాక్యాన్ని రిఫర్ చేసేవారు ఫారంలో ఉన్నదున్నట్టు దించేసుకోవచ్చు. స్కిల్స్ రెండే చెప్పారు. ఇరవై రాస్తే ఏది నిజంగా వచ్చో చదివేవారికి తెలియదు. పైగా రాసిన ప్రతిదాని మీదా ఇంటర్వ్యూలో ప్రశ్న పడొచ్చు.

ఇంత వివరం ఎందుకంటే, పనికొచ్చే కబురు తరచూ అంతంత మాత్రం పరిచయస్తుల నుంచే వస్తుంది. అమెరికా సామాజికవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన వ్యాసంలో ఈ సంగతే చూపించారు. దగ్గరివాళ్లకు తెలిసిన ఖాళీలు చాలావరకు మనకూ తెలిసినవే. ఎప్పుడో కలిసి పనిచేసిన సీనియర్ తిరిగే చోటు వేరు. కానీ మీరిప్పుడు ఏం చేస్తున్నారో ఆయనకు తెలియదు. పోస్టే చెప్పాలి.

రెండు జాగ్రత్తలు. ఇప్పటి కంపెనీకి తెలియకూడదనుకుంటే బహిరంగంగా పోస్టు పెట్టకండి, విడివిడిగా మెసేజ్ చేయండి. రిఫరల్ అడిగాక, ఆ ఖాళీకి మీ అంతట మీరు తొందరపడి అప్లై చేయకండి. ముందే దరఖాస్తు ఉంటే చాలా కంపెనీలు రిఫరల్‌ను లెక్కలోకి తీసుకోవు.

ఎవరైనా "మా దగ్గర ఉంది, పంపు" అంటే ఆ కంపెనీ కెరీర్స్ పేజీలో సరిపోయే ఖాళీ వెతికి, జాబ్ ఐడీ, రెజ్యూమె ఒకే మెసేజ్‌లో పంపండి. వారికి మిగిలేది ఫారం నింపడమే.