ఇరవై లక్షలు సోలార్‌కా, సార్టెక్స్‌కా?

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లు నడిపే ఒకాయన చేతిలో 20 లక్షలు ఉన్నాయనుకుందాం. ఆ డబ్బును రెండు రకాలుగా పెట్టవచ్చు. ఒకటి, మిల్లు కప్పు మీద 40 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు వేయించడం. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్ల లెక్కన ఏడాదికి సుమారు 58 వేల యూనిట్లు వస్తాయి. యూనిట్ 7 రూపాయలైతే నాలుగు లక్షల పైచిలుకు కరెంటు బిల్లు తగ్గుతుంది. ప్యానెళ్లు కడిగించే ఖర్చు, ఏటేటా కొంచెం తగ్గే ఉత్పత్తి, ఎప్పుడో మార్చాల్సిన ఇన్వర్టర్ కోసం పక్కన పెట్టే సొమ్ము తీసేస్తే ఏడాదికి 3 లక్షల 60 వేలు మిగులుతుంది. ఇలా 20 ఏళ్లు నడుస్తుంది.

రెండోది కొత్త సార్టెక్స్ మిషన్. జారిపడే బియ్యాన్ని కెమెరాలతో చూసి, నల్లగింజలను, రంగు మారిన గింజలను గాలి పోటుతో పక్కకు తోసేస్తుంది. బియ్యానికి మంచి ధర పలుకుతుంది కాబట్టి ఖర్చులు పోను ఏడాదికి 7 లక్షలు అదనంగా వస్తాయనుకుందాం. అయితే ఐదేళ్లకే దాని పని అయిపోతుంది, ఆ తర్వాత పాత ఇనుముకు వచ్చే ధరను లెక్కలోకి తీసుకోవద్దు. ఈ అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. ఎవరి మిల్లుకు వారి అంకెలు వేరుగా ఉంటాయి.

మన దగ్గర ఎవరైనా ముందు అడిగే ప్రశ్న, ‘పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగొస్తుంది?’ సార్టెక్స్‌కు మూడేళ్లలోపే, సోలార్‌కు ఐదున్నరేళ్లు. ఇలా చూస్తే సార్టెక్స్‌దే గెలుపు. కానీ ఈ ప్రశ్న అసలు తిరిగొచ్చిన రోజు దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లు వచ్చినా, పద్నాలుగేళ్లు వచ్చినా దానికి ఒకటే. పైగా మూడో ఏట వచ్చే రూపాయిని ఈరోజు చేతిలో ఉన్న రూపాయితో సమానంగా చూస్తుంది. వడ్డీకి అప్పు తెచ్చుకునే వాళ్లెవరూ అలా చూడరు.

ఆ తేడాను సరిదిద్దేదే నికర ప్రస్తుత విలువ, అంటే ఎన్‌పీవీ. మన మిల్లు యజమానికి బ్యాంకు వడ్డీ 10 శాతం అనుకుందాం. ఏడాది తర్వాత వచ్చే 7 లక్షలను 1.1తో భాగిస్తే 6.36 లక్షలు. రెండేళ్ల తర్వాత వచ్చే 7 లక్షలను 1.1తో రెండుసార్లు భాగిస్తే 5.79. అలా మూడో ఏడాదిది 5.26, నాలుగోది 4.78, ఐదోది 4.35. అన్నీ కూడితే 26.54 లక్షలు. పెట్టిన 20 లక్షలు తీసేస్తే మిగిలిన 6.54 లక్షలే సార్టెక్స్ నికర ప్రస్తుత విలువ. బ్యాంకుకు 10 శాతం వడ్డీ, అసలు రెండూ కట్టేశాక, ఈరోజు విలువలో యజమానికి మిగిలే లాభం అన్నమాట. సోలార్‌కూ ఇదే లెక్క ఇరవై ఏళ్లకు కడితే 30.65 లక్షలు వస్తుంది, అసలు పోగా 10.65 లక్షలు. ఇప్పుడు సోలార్ గెలిచింది.

ఇదే సొమ్మును ఇంకో వైపు నుంచి చూసేది అంతర్గత రాబడి రేటు, అంటే ఐఆర్‌ఆర్. ఇందులో వడ్డీ రేటు మనం చెప్పం. ఏ రేటు దగ్గర నికర ప్రస్తుత విలువ సరిగ్గా సున్నా అవుతుందో వెతుకుతాం. సార్టెక్స్‌కు అది 22.1 శాతం, సోలార్‌కు 17.3 శాతం. మళ్లీ సార్టెక్సే ముందుంది. పెట్టుబడి ఒకటే, అంకెలూ అవే, అయినా రెండు కొలతలు రెండు తీర్పులు చెబుతున్నాయి. మిషన్ అమ్మే వాళ్ల చేతిలోని కాగితం మీద సాధారణంగా ఉండేది ఈ శాతమే కాబట్టి, అది దేని మీద లెక్కించిన శాతమో తెలుసుకోవడం చాలా అవసరం.

సార్టెక్స్ మిషన్‌కు మీరు 20 లక్షలు అప్పిచ్చారనుకోండి, వడ్డీ 22.1 శాతం. ఏడాదికి 24.42 లక్షలు బాకీ. అది 7 లక్షలు కట్టింది, 17.42 మిగిలింది. దాని మీద మళ్లీ వడ్డీ, మళ్లీ 7 లక్షల కట్టుబడి, 14.27 మిగిలింది. మూడో ఏడాది చివర 10.42, నాలుగో ఏడాది చివర 5.73. ఐదో ఏడాది కట్టేసరికి బాకీ చెల్లు. 22.1 శాతం అనేది ఇదే. మిషన్ దగ్గర ఇంకా మిగిలి ఉన్న బాకీ మీద వచ్చిన వడ్డీ. ఐదో ఏడాదిలో ఆ వడ్డీ పలికింది 5.73 లక్షల మీద మాత్రమే. మిగతా డబ్బు అప్పటికే యజమాని చేతికి వచ్చేసింది. చేతికొచ్చిన ఆ డబ్బు ఏం చేసింది, ఎక్కడ పెరిగింది అన్నది ఐఆర్‌ఆర్ చెప్పదు.

అసలు తగువంతా అక్కడే ఉంది. తిరిగొచ్చిన ప్రతి రూపాయినీ 10 శాతానికి పెట్టుకుంటూ పోతే, ఇరవయ్యో ఏడాది చివర సార్టెక్స్ సొమ్ము ఒక కోటి 78 లక్షలు అవుతుంది. సోలార్ సొమ్ము రెండు కోట్ల 6 లక్షలు. సార్టెక్స్ 22.1 శాతం ఇరవై ఏళ్లూ నిలవాలంటే 20 లక్షలు పదకొండు కోట్లకు దగ్గరగా చేరాలి. ప్రతి ఏడాదీ చేతికొచ్చే 7 లక్షలకు మళ్లీ అంతే లాభమిచ్చే పని దొరికితేనే అది జరుగుతుంది. ఒక మిషన్ మంచిదని తేలినంత మాత్రాన అలాంటి పనులు వరుసగా దొరుకుతాయని ఎవరు చెప్పగలరు?

అయితే సోలార్ తీసుకోమని ఇక్కడే తేల్చేస్తే అదీ తొందరపాటే. రెండింటి ఆయుష్షు వేరు కదా. ఐదేళ్లకోసారి పాతది తీసేసి, అదే ధరకు కొత్త సార్టెక్స్ కొని, అదే 7 లక్షలు సంపాదించగలిగితే, ఇరవై ఏళ్లలో నాలుగు మిషన్ల నికర ప్రస్తుత విలువ కలిపి 14.68 లక్షలు అవుతుంది, సోలార్‌ను దాటేస్తుంది. కాబట్టి నిజంగా అడగాల్సింది ఆరో ఏడాది గురించి. ఈ ఏడాది 7 లక్షలు ఎందుకు వస్తున్నాయి? చుట్టుపక్కల మిల్లుల్లో అంత శుభ్రమైన బియ్యం రావడం లేదు కాబట్టి. ఐదేళ్లలో అందరూ అలాంటి మిషనే పెట్టుకుంటే ఆ అదనపు ధర నిలవడం కష్టం. నా మటుకు నేను రెండో మిషన్ లాభాన్ని మొదటిదాని కంటే బాగా తగ్గించి వేసుకుంటాను. కరెంటు బిల్లు ఆదాకు ఆ పోటీ భయం లేదు.

వడ్డీ రేటు మారితే తీర్పు మారుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 14 శాతం దగ్గర సోలార్ నికర ప్రస్తుత విలువ 3.84 లక్షలు, సార్టెక్స్‌ది 4.03 లక్షలు, దాదాపు సమానం. అంతకు మించి వడ్డీ కట్టేవారికి, మళ్లీ మిషన్ కొనే ఆలోచన లేకపోయినా, సార్టెక్సే మేలు. ఎందుకంటే దూరాన ఉన్న రూపాయిని ఎక్కువ వడ్డీ ఎక్కువగా తినేస్తుంది. ఇక రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి తెచ్చేవారికి రెండూ నష్టమే. సార్టెక్స్ 78 వేలు పోగొడుతుంది, సోలార్ 5 లక్షలకు పైగా. ఒకే పని పక్కపక్క మిల్లుల్లో ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం కావడంలో వింతేమీ లేదు.

ఐఆర్‌ఆర్ పూర్తిగా దారి తప్పించే సందర్భం ఒకటుంది. 1955లో అమెరికాకు చెందిన లోరీ, సావేజ్ చమురు బావి ఉదాహరణతో దాన్ని చర్చకు తెచ్చారు. బావిలో ఉన్న చమురు ఎలాగూ వస్తుంది, పెద్ద పంపు పెడితే ముందుగా వస్తుంది. పంపుకు 1,600 డాలర్లు ఖర్చయి, దాని వల్ల మొదటి ఏడాది 10,000 అదనంగా వచ్చి, రెండో ఏడాది రావాల్సిన 10,000 రాకుండా పోతుందనుకుందాం. ఈ వరుసకు ఐఆర్‌ఆర్ ఒకటి కాదు, రెండు: 25 శాతం, 400 శాతం. రెండూ లెక్క ప్రకారం సరైనవే. 10 శాతం వడ్డీ దగ్గర ఆ పంపు నికర ప్రస్తుత విలువ మాత్రం దాదాపు 774 డాలర్ల నష్టం. 10 కంటే 25 ఎక్కువ కదా అని కొన్నవారు మునిగినట్టే. డబ్బు ముందు పోయి, తర్వాత వచ్చి, చివర మళ్లీ పోయే ప్రాజెక్టులన్నింటికీ ఈ ప్రమాదం ఉంది. తవ్వకం అయ్యాక గొయ్యి పూడ్చి నేల బాగుచేయాల్సిన గనులు అలాంటివే. ఏడాదివారీ వరుసలో ప్లస్, మైనస్ గుర్తులు ఒకటి కంటే ఎక్కువసార్లు మారాయంటే ఆ శాతాన్ని పక్కన పెట్టి నికర ప్రస్తుత విలువ చూడాలి.

కంప్యూటర్లో ఈ లెక్కలు క్షణంలో తేలతాయి, తప్పు కూడా అంతే సులువుగా దొర్లుతుంది. సార్టెక్స్‌కు ఎక్సెల్‌లో `B1` గడిలో -20, కింద `B2` నుంచి `B6` దాకా 7 చొప్పున వేసుకుంటే రాయాల్సింది ఇది:

```
=NPV(10%,B2:B6)+B1
=IRR(B1:B6)
```

ఎన్‌పీవీ ఫంక్షన్ తనకిచ్చిన మొదటి అంకెను ఏడాది చివర వచ్చినట్టు చూస్తుంది. అందుకే ఈరోజే పెట్టే 20 లక్షలను బయట విడిగా కలపాలి. లోపల పెడితే 6.54 కాస్తా 5.94 అవుతుంది. ఐఆర్‌ఆర్‌కు మాత్రం వరుసంతా లోపలే ఇవ్వాలి. ఇంతకంటే పెద్ద పొరపాటు కాగితం మీద జరుగుతుంది. 7 లక్షల్లోంచి బ్యాంకు కిస్తీ తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ 10 శాతంతో తగ్గించి, దాంట్లోంచి మొత్తం 20 లక్షలూ మళ్లీ తీసేస్తారు. అసలు, వడ్డీ రెండూ రెండేసిసార్లు కోసినట్టు. మంచి పని కూడా అప్పుడు దండగలా కనిపిస్తుంది.

సోలార్ అమ్మేవారి కాగితంలో దీనికి తిరగబడ్డ తప్పు చూడవచ్చు. కరెంటు ధర ఏటా 3 శాతం పెరుగుతుందని ఒక్క గీత కలిపితే చాలు, 10.65 లక్షల నికర ప్రస్తుత విలువ 17.6 లక్షలవుతుంది. ధరలు పెరగవని కాదు, పెరగవచ్చు. కానీ ఆ గీతను సోలార్‌కు వేసి, బియ్యం ధరకు వేయకుండా రెండింటినీ పోల్చడం సరికాదు. వేస్తే రెండింటికీ వేయాలి, లేదంటే రెండింటికీ మానేయాలి.

చివరగా లెక్కను వెనక నుంచి కూడా వేసి చూడాలి. 10 శాతం వడ్డీ దగ్గర నష్టం రాకుండా ఉండాలంటే సార్టెక్స్ ఏడాదికి కనీసం 5 లక్షల 28 వేలు తేవాలి, సోలార్ 2 లక్షల 35 వేలు మిగల్చాలి. అంటే సార్టెక్స్ మీద వేసుకున్న అంచనా పావు వంతు తప్పినా లాభం పోతుంది, సోలార్ అంచనా మూడో వంతు తప్పినా నిలబడుతుంది. ఇప్పుడు మిల్లు యజమాని చూసుకోవాల్సింది గత మూడు నాలుగేళ్ల తన అమ్మకాల పుస్తకం. సార్టెక్స్ పట్టిన బియ్యానికి, పట్టని బియ్యానికి మధ్య క్వింటాల్ ధరలో తేడా ఏ ఏడాది ఎంత ఉంది, ఎంత పడిపోయింది అన్నది అందులోనే దొరుకుతుంది.