గడప దాటకముందే గడిచిపోయే సమయం

ఎత్తైన భవనంలో మంటలు లేస్తే అందరూ ప్రాణాలతో బయటపడతారా? ఇంజినీర్లు దీనికి రెండు సమయాలు లెక్కగడతారు. పొగ, వేడి దారి మూసేసేలోగా మనకు దొరికే సమయం ఒకటి, దాన్ని ఏసెట్ అంటారు. అందరూ బయటపడటానికి పట్టే సమయం రెండోది, అది ఆర్‌సెట్. మొదటిది రెండోదానికన్నా బాగా ఎక్కువగా ఉండాలి.

లండన్‌లో 2017 జూన్ 14న కాలిపోయిన గ్రెన్‌ఫెల్ టవర్‌నే తీసుకుందాం. 24 అంతస్తులకు మెట్లదారి ఒక్కటే, వెడల్పు సుమారు 1.04 మీటర్లు. ఆ రాత్రి లోపల దాదాపు 300 మంది ఉన్నారు. గోడను రాసుకుంటూ ఎవరూ దిగరు కాబట్టి రెండు పక్కలా 15 సెంటీమీటర్లు తీసేస్తే పనికొచ్చే వెడల్పు 0.74 మీటర్లు. మీటరు వెడల్పు మెట్లమీద సెకనుకు సుమారు ఒక మనిషి దాటగలడు. అంటే 300 మందికి 405 సెకన్లు, ఏడు నిమిషాల లోపే. వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు, పైకి ఎక్కే ఫైర్ సిబ్బంది వల్ల ఇది పెరుగుతుంది. రెట్టింపయినా పావుగంట లోపే.

మరి 72 మంది ఎందుకు చనిపోయారు? ఆర్‌సెట్ అంటే మెట్లు దిగే సమయం మాత్రమే కాదు. మంటను పసిగట్టడం, అందరికీ తెలియడం, తెలిశాక నిద్ర లేచి, పిల్లల్ని ఎత్తుకుని గడప దాటడం, ఇవన్నీ అందులోవే. నివాస భవనాల్లో రాత్రిపూట ఈ ముందు భాగమే నడకను మించిపోతుంది.

గ్రెన్‌ఫెల్‌లో మంట గురించి 12:54కి ఫోన్ వెళ్లింది. బయటి గోడకు తొడిగిన ప్యానెళ్లలో పాలిథిలీన్ ఉండటంతో మంట 1:27 ప్రాంతానికి పైకప్పు చేరింది. 'ఇంట్లోనే ఉండండి' అన్న సూచనను మాత్రం 2:47 వరకు మార్చలేదు. భవనమంతటికీ వినిపించే అలారం లేదు. 1:30–1:50 మధ్యే ఆ సూచనను విరమించి ఉండాల్సిందని విచారణ తేల్చింది. అప్పటికే కదిలి ఉంటే ఎందరో బతికేవారని నా నమ్మకం.

ఏసెట్ కూడా భవనమంతటికీ ఒకే అంకె కాదు. పొగలో చూపు ఎంతదూరం ఆనుతుంది, గాలి ఎంత వేడెక్కింది, కార్బన్ మోనాక్సైడ్ ఎంత పీల్చాం అన్నవాటిలో ఏది ముందు హద్దు దాటితే అక్కడితో సమయం ముగిసినట్టే. కాలుతున్న ఫ్లాట్ తలుపు తెరిచి ఉంటే ఆ అంతస్తు లాబీలో నిమిషాలే మిగులుతాయి, మూసి ఉంటే ఎక్కువ దొరుకుతాయి. మెట్లదారి లెక్క వేరు. ఈ తేడా చూడకుండా సగటు అంకె వేస్తే, లెక్క పాసైనా ఒక అంతస్తు వాళ్లు చిక్కుకుపోతారు.

అందుకే ఇంగ్లండ్ 2022 డిసెంబర్ నుంచి 18 మీటర్లు మించిన కొత్త ఫ్లాట్ల భవనాల్లో, ఫైర్ సిబ్బంది అంతస్తుల వారీగా హెచ్చరించే ఏర్పాటు ఉండాలంటోంది. అది మెట్లను వెడల్పు చేయదు, మనిషి గడప దాటేలోపు పోయే నిమిషాలను తగ్గిస్తుంది.