ఏటవాలు షట్టరు మీద నీటి ఒత్తిడి

నీట మునిగిన షట్టరును నీరు ఎంత బలంగా నెడుతోందో తెలిస్తే సగం లెక్క అయినట్టే. మిగతా సగం, ఆ బలమంతా షట్టరు మీద ఏ చోట పనిచేస్తోందన్నది. ఆ చోటునే పీడన కేంద్రం అంటారు. ఎత్తే గొలుసు ఎంత లావుండాలో తేల్చేది అదే.

ఒక షట్టరు తీసుకుందాం. వెడల్పు 2 మీటర్లు, వాలు వెంట పొడవు 4 మీటర్లు. నేలతో 30 డిగ్రీల కోణంలో వాలి ఉంది. పై అంచు నీటిమట్టానికి 2 మీటర్ల లోతున, కింది అంచు 4 మీటర్ల లోతున ఉన్నాయి. పై అంచుకు కీలు ఉంది. కింది అంచుకు కట్టిన గొలుసును షట్టరుకు లంబంగా, నీటివైపుకు లాగి తెరవాలి. అవతల నీరు లేదు.

లోతు మీటరు పెరిగిన కొద్దీ చదరపు మీటరుకు సుమారు ఒక టన్ను ఒత్తిడి పెరుగుతుంది. ఈ షట్టరు నడిమధ్య బిందువు 3 మీటర్ల లోతున ఉంది కాబట్టి సగటు ఒత్తిడి 3 టన్నులు. వైశాల్యం 8 చదరపు మీటర్లు. మొత్తం బలం 24 టన్నులు. మధ్యబిందువు లోతు మారనంత వరకు షట్టరు ఎంత వాలినా ఈ అంకె మారదు.

అయితే కింది భాగం మీద ఒత్తిడి ఎక్కువ కనుక ఈ 24 టన్నులు నడిమధ్యన కాక కొంచెం కిందుగా పనిచేస్తాయి. ఎంత కిందుగా? దీర్ఘచతురస్రానికైతే పొడవు వర్గాన్ని, నీటిమట్టం నుంచి మధ్యబిందువుకు వాలు వెంట ఉన్న దూరానికి 12 రెట్లతో భాగించాలి. ఇక్కడ ఆ దూరం 6 మీటర్లు: 16 ÷ 72, అంటే 22 సెంటీమీటర్లు. చాలామంది విద్యార్థులు తడబడేది ఇక్కడే. వాలు దూరం బదులు నిట్టనిలువు లోతు 3 వేస్తే జవాబు రెట్టింపై 44 వస్తుంది.

కీలు నుంచి బలం 2.22 మీటర్ల దూరాన ఉంది, గొలుసు 4 మీటర్ల దూరాన. కాబట్టి లాగాల్సింది 13.3 టన్నులు. బలం నడిమధ్యనే ఉందనుకుంటే 12 టన్నులే వచ్చేది. షట్టరు సొంత బరువు, అంచుల రాపిడి ఇందులో ఇంకా కలపలేదు.

లోతు పెరిగితే ఈ తేడా కూడా పెరుగుతుందనిపిస్తుంది గాని, జరిగేది తిరగబడి ఉంటుంది. మధ్యబిందువు 30 మీటర్ల లోతుకు పోతే పీడన కేంద్రం దానికి 2 సెంటీమీటర్ల దూరానికే వచ్చేస్తుంది. అంత లోతున పై అంచు మీదా కింది అంచు మీదా ఒత్తిడి దాదాపు సమానమే కదా. అదే నీరు పై అంచు దాకా తగ్గితే బలం 8 టన్నులకు పడిపోతుంది, దూరం మాత్రం 67 సెంటీమీటర్లవుతుంది. మధ్యబిందువును నమ్ముకుంటే 4 టన్నులు చాలనిపిస్తుంది, కావలసింది 5.3.

ఈ లెక్క నిలకడ నీటికే వర్తిస్తుంది. షట్టరు కాస్త లేచి కింద నీరు పారడం మొదలైతే అక్కడి ఒత్తిడి మారిపోతుంది. అందుకే కొన్ని పెద్ద గేట్లకు ముందుగా పక్క గొట్టంలోంచి అవతలి వైపు నీరు నింపుతారు. రెండు వైపులా మట్టం సమానమయ్యాక నీటి నెట్టుడు రద్దయి, ఎత్తడానికి గేటు బరువు, రాపిడి మాత్రమే మిగులుతాయి.